పార్ట్ వన్‌లో ఒక్క ముక్కతో ఆగిపోతున్నా, సాగదీస్తే మధ్యలో ఆపేస్తున్నారు

మేడమ్, నమస్తే. నేనో చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఐఈఎల్‌టీఎస్ రాశాను, మిగతావి పర్లేదు కానీ స్పీకింగ్‌లో 5.5 వచ్చింది, నాకు 6.5 కావాలి. పార్ట్ వన్‌లోనే నా పని అయిపోతోంది. ఇల్లా ఫ్లాటా అంటే ఫ్లాట్ అన్నా. ఇంట్లో ఏం ఇష్టం అంటే ఇట్స్ నైస్ అండ్ పీస్‌ఫుల్ అన్నా. జాబ్ ఇష్టమా అంటే యెస్, ఇట్స్ ఎ గుడ్ జాబ్ అన్నా. ఆ తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోవడమే. కోచింగ్‌లో "ఎక్కువ మాట్లాడు" అన్నారు, సరే అని ఇల్లు, జాబ్, హాబీల మీద పేరాలు రాసుకుని బట్టీ పట్టా. మాక్ టెస్ట్‌లో అవే చెప్తుంటే సగంలో ఆపేసి, ఇది బట్టీ కొట్టినట్టుంది అన్నారు. పైగా నాకు నిజంగా హాబీలే లేవు, ఆఫీసు, ఇల్లు, నిద్ర అంతే. ఏదో ఒకటి కల్పించి చెప్పాలా? అసలు ఎంత మాట్లాడితే కరెక్ట్? - పేరు వద్దు ప్లీజ్

నమస్తే అండి.

ముందు "ఎంత" అన్న లెక్క తేల్చేద్దాం, ఎందుకంటే అది తెలియకే మీరు ఒకసారి ఈ కొసకి, ఒకసారి ఆ కొసకి వెళ్తున్నారు. స్పీకింగ్ టెస్ట్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు, అందులో పార్ట్ వన్ 4 నుంచి 5 నిమిషాలే. ఆ టైమ్‌లోనే ఎగ్జామినర్ తన పేరు చెప్పాలి, మీ ఐడీ చూడాలి, తర్వాత ఇల్లో పనో చదువో ఒక టాపిక్, ఆ పైన ఇంకో ఒకటి రెండు మామూలు టాపిక్‌లు అడగాలి. ప్రశ్నలు పదో పన్నెండో పడతాయి అనుకోండి, ఆయన అడిగే టైమ్ తీసేస్తే ఒక్కో జవాబుకి మీకు మిగిలేది సుమారు 15 నుంచి 20 సెకండ్లు. అంటే రెండు మూడు వాక్యాలు, మహా అయితే నాలుగు. నిమిషం పాటు మాట్లాడే పని పార్ట్ టూలో ఉంది, దాన్ని ఇక్కడికి లాక్కురాకండి.

ఇంకో విషయం, మధ్యలో ఆపేశారని అంత కంగారు పడక్కర్లేదు. ఎగ్జామినర్ గడియారం చూసుకుంటూ నడపాలి కాబట్టి ఆపుతారు, ఆపినంత మాత్రాన మార్కు పోదు. మీ విషయంలో నాకు ఆపడం కంటే ఆ రెండో మాటే ముఖ్యం, బట్టీ కొట్టినట్టుంది అన్నది. దాని సంగతి చివర్లో చెప్తా.

ఇప్పుడు మీ పాత జవాబులు చూద్దాం. "ఇట్స్ నైస్ అండ్ పీస్‌ఫుల్" అన్నదాంట్లో తప్పేం లేదు, గ్రామర్ కరెక్టే, అర్థమూ అయింది. కానీ మార్కులు వేసేది నాలుగింటి మీద, ఆగకుండా పొందికగా మాట్లాడటం, పదాలు, గ్రామర్, ఉచ్చారణ, నాలుగింటికీ సమాన బరువు. నాలుగు పదాల జవాబులో ఈ నాలుగింట్లో దేన్ని చూసి మార్కు వెయ్యాలి చెప్పండి? మీకు గ్రామర్ రాదని కాదు, చూపించలేదు. ఫ్లూయెన్సీ అంటే ఆ ఆగకుండా మాట్లాడటమే, అందులో 6 బ్యాండ్, అంటే 6 మార్కు స్థాయి వర్ణన చూస్తే, మధ్యమధ్యలో తడబడినా సరే పొడుగ్గా మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నారా అన్నదే చూస్తారని తెలుస్తుంది. ఆ సిద్ధం అన్నది కనపడాలంటే ఎగ్జామినర్ "వై?" అని అడిగేదాకా ఆగకూడదు. పార్ట్ వన్‌లో ఆయన ముందే రాసిపెట్టిన ప్రశ్నలే అడుగుతారు, వాటికి తోడుగా వై, వై నాట్ లాంటివి ఉంటాయి, అంతే. మీ దగ్గర్నుంచి మాట లాగడం ఆయన పని కాదు, కాబట్టి ఆ మొహమొహాలు చూసుకోవడం అలాగే సాగుతుంది.

సరే, మూడు ముక్కలు. జవాబు, కారణం, ఉదాహరణ. ఇది మీకు కోచింగ్‌లో కూడా చెప్పే ఉంటారు, చెప్పడం తేలికే, అసలు చిక్కు ఏంటంటే చాలామంది కారణం అనుకుని చెప్పేది కారణం కాదు, ఉదాహరణ అనుకుని చెప్పేది ఉదాహరణ కాదు. మీ ఇంటి ప్రశ్నే తీసుకుందాం. "ఐ లైక్ మై హోమ్ బికాజ్ ఇట్ ఈజ్ వెరీ పీస్‌ఫుల్. ఫర్ ఎగ్జాంపుల్, ఐ కెన్ రిలాక్స్ అండ్ స్పెండ్ టైమ్ విత్ మై ఫ్యామిలీ." వినడానికి మూడు ముక్కలూ ఉన్నట్టే ఉంది, కానీ ఉన్నది ఒకటే. ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి ఇష్టం అంటే, ఎందుకు ప్రశాంతంగా ఉంటుంది అన్నది ఇంకా చెప్పలేదు. రిలాక్స్ అవుతా అన్నది ఉదాహరణ కాదు, మొదటి మాటనే ఇంకోలా అన్నారు. ఇలాంటి జవాబు పొడుగవుతుంది గానీ ముందుకి కదలదు, పైగా ఈ వాక్యాలు లోకంలో ఎవరింటికైనా సరిపోతాయి.

కారణాన్ని పరీక్షించడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. మీరు చెప్పిన కారణాన్ని తీసుకెళ్లి వేరే ప్రశ్న కింద పెట్టి చూడండి. "ఇట్ గివ్స్ మీ పీస్ ఆఫ్ మైండ్" అన్నది ఇంటికి అతుకుతుంది, జాబ్‌కి అతుకుతుంది, పాటలకి అతుకుతుంది, నడకకి కూడా అతుకుతుంది. అన్నింటికీ అతికేది కారణం కాదు, ఊకదంపుడు. ఉదాహరణకైతే "ఎప్పుడు?" అని అడగండి. పోయిన వారం, నిన్న రాత్రి, చిన్నప్పుడు, ఇలా ఏదో ఒక సమాధానం వస్తే అది ఉదాహరణ. రాకపోతే మీరు ఇంకా గాల్లోనే మాట్లాడుతున్నట్టు లెక్క.

ఇప్పుడు అదే ఇల్లు, మళ్లీ. ఇల్లు మొత్తం గురించి మాట్లాడొద్దు, ఒక గది పట్టుకోండి. మీ గది రోడ్డు వైపు కాకుండా వెనక వైపు ఉందనుకుందాం. "ఐ లైక్ మై బెడ్‌రూమ్ ద మోస్ట్, బికాజ్ ఇట్స్ ఎట్ ద బ్యాక్ ఆఫ్ ద బిల్డింగ్, సో ఐ హార్డ్లీ హియర్ ద ట్రాఫిక్. లాస్ట్ వీక్ ఐ వాజ్ స్టడీయింగ్ దేర్ టిల్ మిడ్‌నైట్, అండ్ ఐ డిడంట్ నోటీస్ ద టైమ్ అంటిల్ మై సిస్టర్ నాక్డ్ ఆన్ ద డోర్." చదివి చూడండి, మామూలుగా మాట్లాడితే 15 సెకండ్లకి అటూ ఇటూ ఉంటుంది. ఒక్క పెద్ద పదం కూడా లేదు. కానీ లోపల ఏం జరిగిందో గమనించారా? జవాబు ప్రెజెంట్ టెన్స్‌లో మొదలైంది, కారణం దగ్గర బికాజ్, సో వచ్చి వాక్యం పొడుగైంది, ఉదాహరణ దగ్గరకి వచ్చేసరికి పాస్ట్ టెన్స్‌కి మారక తప్పలేదు, వాజ్ స్టడీయింగ్ వచ్చింది, అంటిల్ వచ్చింది. మీరు గ్రామర్ చూపిద్దాం అని ఏమీ చెయ్యలేదు, ఉదాహరణే దాన్ని లాక్కొచ్చింది. అందుకే నేను ఉదాహరణ మీద ఇంత పట్టుబడుతున్నా, పొడుగు కోసం కాదు.

ఇక్కడే జారిపడేవాళ్లు కూడా ఉంటారు. "లాస్ట్ వీక్" అని మొదలుపెట్టి "ఐ గో టు ద బాల్కనీ" అనేస్తారు, ఎందుకంటే బుర్ర ఇంకా ప్రెజెంట్‌లోనే ఉంది. లాస్ట్ వీక్, ఎస్టర్‌డే, వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్ లాంటి మాట నోట్లోంచి వచ్చిందంటే తర్వాత వచ్చే క్రియ మారాలి అని ప్రాక్టీస్‌లోనే అలవాటు పడాలి. అలాగే ఎన్నేళ్లుగా ఉంటున్నారు అన్న ప్రశ్నకి మన తెలుగువాళ్ల నోట "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని వస్తుంది, మీరూ అంటారేమో చూసుకోండి, "ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అనాలి. ఇల్లు టాపిక్‌లో ఇది అడిగే అవకాశం బాగా ఉంది కాబట్టి ఈ ఒక్కటీ ముందే సరిచేసుకుంటే మంచిది.

జాబ్ దగ్గరకొద్దాం, ఇక్కడ మీకు సరుకు చాలా ఉంది, మీరే వాడుకోవట్లేదు. "గుడ్ జాబ్" అంటే ఏంటి మంచి? అకౌంట్స్‌లో ఏ పని చేస్తే మీకు టైమ్ తెలీదు? నెలాఖరు లెక్కలు కలవనప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడం ఇష్టం అనుకుందాం. "మోస్ట్లీ యెస్. ఐ వర్క్ ఇన్ అకౌంట్స్, అండ్ ద పార్ట్ ఐ ఎంజాయ్ ఈజ్ ఫైండింగ్ మిస్టేక్స్, బికాజ్ ఇట్ ఫీల్స్ లైక్ సాల్వింగ్ ఎ పజిల్. లాస్ట్ మంత్ అవర్ టోటల్స్ డిడంట్ మ్యాచ్, అండ్ ఆఫ్టర్ త్రీ అవర్స్ ఐ ఫౌండ్ దట్ వన్ బిల్ హ్యాడ్ బీన్ ఎంటర్డ్ ట్వైస్." చూశారా, ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కిందని చెప్పడానికి హ్యాడ్ బీన్ ఎంటర్డ్ అన్న నిర్మాణం దానంతట అదే వచ్చింది. ఇది మీ ఆఫీసులో మీరు రోజూ అనుభవించేదే. కావాలంటే "మోస్ట్లీ" కి బదులు "నాట్ రియల్లీ" అని మొదలుపెట్టి పని ఎందుకు విసుగో కూడా చెప్పొచ్చు, నెలాఖర్లో పనంతా ఒకేసారి మీద పడుతుంది, పోయిన నెల అందరూ వెళ్లిపోయాక నేనొక్కదాన్నే కూర్చున్నా అని. మీ జాబ్ మీకు నచ్చిందా లేదా అన్నదానికి మార్కు లేదు, ఏది చెప్పడం మీకు తేలికైతే అటు వెళ్లండి.

హాబీల ప్రశ్నకి మీ ముందు మూడు దారులు ఉన్నాయి, మూడింటికీ వాటి ఖర్చు వాటికుంది.

కల్పించి చెప్పడం ఒకటి. ఎగ్జామినర్ నిజమా అబద్ధమా అని చూడరు, ఆయన పరీక్షించేది ఇంగ్లీష్‌ని. కానీ ఫోటోగ్రఫీ అన్నారనుకోండి, తర్వాతి ప్రశ్నలు ఆ టాపిక్ మీదే వస్తే, ఎలాంటి ఫోటోలు తీస్తారు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఫోటోలు ప్రింట్ తీయిస్తారా అంటే, మీరు అక్కడికక్కడ కథ అల్లుకోవాలి, దానికి పదాలూ వెతుక్కోవాలి, రెండూ ఒకేసారి చేస్తుంటే నోరు ఆగిపోతుంది. ఎందుకు ఆగారో ఎగ్జామినర్‌కి తెలీదు, ఆగడం మాత్రం లెక్కలోకి వస్తుంది. కల్పన బాగా వచ్చినవాళ్లకి ఈ దారి నడుస్తుంది, ఉత్తరం చూస్తే మీరు ఆ టైపు కాదేమో అనిపిస్తోంది.

రెండోది, చిన్న నిజాన్ని పట్టుకోవడం. హాబీ అంటే గిటార్ వాయించడం, కొండలెక్కడం అనే అనుకోకండి. బట్టలు ఇస్త్రీ చేస్తూ పాత పాటలు వింటారా, ఫోన్లో పదాల ఆట ఆడతారా, బాల్కనీలో మొక్కలకి నీళ్లు పోస్తారా, ఏదైనా చాలు. ఇందులో ఇబ్బంది ఏంటంటే మనకే అది చెప్పుకోవడానికి చిన్నగా అనిపించి గొంతు దిగిపోతుంది. ఆ మొహమాటం ఒక్కటి వదిలేస్తే పదాలు మీ దగ్గర రెడీగా ఉంటాయి.

మూడోది నాకు మీ విషయంలో బాగా నచ్చింది, లేవు అని ఒప్పేసుకోవడం. "లేదు" కూడా పూర్తి జవాబే, దానికీ కారణం, ఉదాహరణ పెట్టొచ్చు. "నాట్ రియల్లీ, ఎట్ ద మోమెంట్. ఐ గెట్ హోమ్ క్వైట్ లేట్, సో ద మోస్ట్ ఐ డూ ఈజ్ లిజన్ టు ఓల్డ్ సాంగ్స్ వైల్ ఐయామ్ ఐరనింగ్. ఐ యూస్‌డ్ టు డ్రా ఎ లాట్ ఎట్ స్కూల్, దో." ఇందులో ఉదాహరణ బదులు అప్పటికీ ఇప్పటికీ తేడా పెట్టాను, యూస్‌డ్ టు వచ్చింది. ఉదాహరణ తట్టనప్పుడల్లా ఈ తేడా మిమ్మల్ని ఆదుకుంటుంది, చిన్నప్పుడు అలా, ఇప్పుడు ఇలా. కాకపోతే దీనికీ ఒక ఖర్చుంది, డ్రాయింగ్ అన్నారు కాబట్టి తర్వాత ఎందుకు మానేశారు అని అడగొచ్చు, అదీ నిజమే అయితే భయం లేదు. "నో, ఐ డోంట్ హావ్ ఎనీ" అని ఆగిపోతే మాత్రం మళ్లీ మొదటికే వచ్చినట్టు.

ఇంతా చెప్పి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, ఈ మూడు ముక్కల పద్ధతి దొరికిందని ప్రతి ప్రశ్నకీ అదే అచ్చు గుద్దితే ఇంకో గొయ్యి. పేరు అడిగినప్పుడు, ఐడీ చూపించమన్నప్పుడు సాగదీయడానికి ఏం లేదు. ఇల్లా ఫ్లాటా అన్నదానికి కారణం అక్కర్లేదు, ఏ అంతస్తు, ఎవరితో ఉంటున్నారు అని ఒక్క వివరం కలిపితే సరిపోతుంది: "ఎ ఫ్లాట్, ఆన్ ద థర్డ్ ఫ్లోర్. ఐ షేర్ ఇట్ విత్ మై పేరెంట్స్ అండ్ మై సిస్టర్." ఇష్టమా, ఎందుకు, ఎంత తరచుగా, చిన్నప్పుడు ఎలా లాంటి వాటికే మూడు ముక్కలు. ఇంకోటి, పది జవాబుల్లోనూ "ఫర్ ఎగ్జాంపుల్" వినపడితే యంత్రం మాట్లాడినట్టు ఉంటుంది, కొన్ని కలిపే మాటలనే అతిగా వాడటం 5 బ్యాండ్ లక్షణాల్లో ఒకటి కూడా. నేను పైన రాసిన జవాబుల్లో ఫర్ ఎగ్జాంపుల్ ఒక్కసారి కూడా లేదు, తప్పు జవాబులో తప్ప. లాస్ట్ వీక్ అనగానే వినేవాళ్లకి అది ఉదాహరణ అని తెలిసిపోతుంది, బోర్డు పెట్టక్కర్లేదు.

ఇప్పుడు ఆ బట్టీ సంగతి. మీరు రాసుకున్న పేరాలు ఎందుకు పట్టుబడ్డాయంటే, ఒకటి, ప్రశ్న కొంచెం పక్కకి వెళ్లినా మీరు అదే పేరా మొదలుపెట్టి ఉంటారు, మీ ఇంట్లో ఏ గది ఇష్టం అంటే ఇల్లంతా వర్ణించడం లాగా. రెండు, మామూలుగా ఆగి ఆగి మాట్లాడే మనిషి ఉన్నట్టుండి ఊపిరి తీసుకోకుండా ఒకే రాగంలో చెప్పుకుపోతే ఎవరికైనా తెలుస్తుంది, తర్వాతి ప్రశ్నకి మళ్లీ పాత స్పీడు వచ్చేసరికి ఇంకా బాగా తెలుస్తుంది. బట్టీ పట్టిన భాష మీ అసలు స్థాయిని చూపించదు కాబట్టి దాన్ని నమ్మి మార్కు వెయ్యరు. నేను పైన రాసిన జవాబులు కూడా అలా బట్టీ పట్టేయకండి దయచేసి, అవి మీ ఇల్లు కాదు, మీ బిల్లు కాదు.

వాక్యాలు కాకుండా సంగతులు సిద్ధం చేసుకోండి. ఇల్లు, పని, ఖాళీ టైమ్, ఒక్కోదానికి ఈ మధ్య జరిగిన చిన్న సంఘటనలు రెండు మూడు తెలుగులోనే గుర్తు చేసుకుని ఒక్కో లైన్ రాసుకోండి, "రెండుసార్లు ఎక్కిన బిల్లు", "చెల్లి తలుపు కొట్టింది", అంతే. ఇంగ్లీష్‌లో రాయొద్దు, రాస్తే మళ్లీ బట్టీలోకి వెళ్తారు. తర్వాత ఎవరితోనైనా ప్రశ్న అడిగించుకుని, ఫోన్లో రికార్డ్ పెట్టి, ఒకే సంగతిని వేరే వేరే ప్రశ్నలకి వాడి చూడండి. ఆ బిల్లు సంగతే జాబ్ ఇష్టమా అన్నదానికి ఒకలా, మీ పనిలో కష్టమేంటి అన్నదానికి ఒకలా, ఈ జాబ్‌లో ఏం నేర్చుకున్నారు అన్నదానికి ఇంకోలా వస్తుంది, ప్రతిసారీ వాక్యాలు మారతాయి. మారకపోతే బట్టీ మొదలైంది అని అర్థం.

రికార్డింగ్ వినేటప్పుడు ఉచ్చారణ గురించి బాధపడుతూ కూర్చోకండి, ఒక జవాబు తీసుకుని ఎలా మాట్లాడారో అలాగే కాగితం మీద దింపండి, తప్పులతో సహా. ఎందుకు అన్నదానికి జవాబుందా, ఎప్పుడు అన్నదానికి జవాబుందా, ఎప్పుడు అన్నాక క్రియ మారిందా, ఈ మూడే చూడండి. 20 సెకండ్లు దాటిందంటే ఎక్కడ దాటిందో చూడండి, చాలాసార్లు ఉదాహరణ అయిపోయాక కూడా "సో దట్స్ వై ఐ లైక్ ఇట్ వెరీ మచ్" అని మొదటి వాక్యాన్నే తిరిగి చెప్తుంటాం, దాన్ని కోసేయండి. ఉదాహరణ అవ్వగానే గొంతు దించి ఆగిపోతే చాలు, ఎగ్జామినర్‌కి మీ వంతు అయిందని తెలుస్తుంది, తర్వాతి ప్రశ్న ఆయనే అడుగుతారు.

అప్పటికీ ఒక ప్రశ్నకి ఏమీ తట్టకపోతే రెండు సెకండ్లు ఆలోచించుకోవడం మామూలే, "ఐ హావంట్ రియల్లీ థాట్ అబౌట్ ఇట్" అనైనా మొదలుపెట్టొచ్చు, కానీ ఎందుకు ఆలోచించలేదో కూడా ఆ వెంటనే చెప్పండి. ఈలోపు ఆ "ఆఫీసు, ఇల్లు, నిద్ర" మాటనే తీసుకోండి, ఇంటికొచ్చాక నిద్రపోయేదాకా నిన్న ఏం చేశారో ఇవాళ రాత్రి రికార్డ్ చేసి చూడండి, హాబీ ప్రశ్నకి కావాల్సిన సంగతి అందులోనే దొరుకుతుంది మీకు.